పిన్ కామెంట్‌లో ఏం రాయాలి: ఒక చెరువు వీడియో ఉదాహరణగా

(తెలుగులో వీడియోలు చేసేవాళ్ళ శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది ఇప్పటికే యూట్యూబ్‌లో ఛానల్ నడుపుతున్నవాళ్ళే. అందుకని కెమెరా, లైటింగ్, థంబ్‌నెయిల్ సంగతులు నేను మాట్లాడను. వీడియో కింద మనం రాసి, పైన కనిపించేలా పిన్ చేసుకునే ఆ ఒక్క కామెంట్ గురించే మాట్లాడతాను. దానికి పది వీడియోలు తిరగెయ్యడం కన్నా ఒకే వీడియోను పట్టుకుని చివరిదాకా వెళ్ళడం మంచిది. నాకు బాగా తెలిసిన వీడియో కాబట్టి నేను చేసిందే తీసుకుంటాను.

ఆ వీడియో తెలంగాణ గొలుసుకట్టు చెరువుల మీద, అంటే ఒకటి నిండితే దాని నీళ్ళు ఇంకోదానికి పోయేలా వరసగా కట్టిన చెరువుల మీద. పద్నాలుగు నిమిషాలు ఉంటుంది. కాకతీయుల కాలంలో, అంటే 13వ శతాబ్దంలో, పాఖాల, రామప్ప లాంటి పెద్ద చెరువులు ఎలా కట్టారు, వాగుకు అడ్డంగా కట్ట ఎక్కడ వెయ్యాలని ఎలా చూసుకునేవాళ్ళు, తూము లోంచి నీళ్ళు ఆయకట్టుకు ఎలా వదులుతారు, చెరువు నిండిపోతే కట్ట తెగకుండా మత్తడి మీదుగా ఎలా పొర్లిపోతుంది, ఇదీ అందులో ఉన్న విషయం. చెరువు ఎలా పనిచేస్తుందో చూసినవాళ్ళకు అర్థమవుతుంది.

ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు ఒక ముక్క తీసేయాల్సి వచ్చింది. మత్తడి దగ్గర నిలబడి, అక్కణ్ణుంచి పొర్లిన నీళ్ళ వెంట నడిచి, కింది ఊరి చెరువు దాకా పోయి చూపించిన భాగం. తీసినప్పుడు చాలా ఇష్టంగా తీశాం. కానీ టైమ్‌లైన్‌లో పెట్టి చూస్తే బరువుగా ఉంది. ఎందుకంటే ఆ ఊళ్ళు తెలియనివాళ్ళకు అవి పేర్లు మాత్రమే. ఈ చెరువు నిండితే ఆ చెరువుకు, ఆ చెరువు నిండితే ఇంకో చెరువుకు అని చెబుతుంటే, ఆ ప్రాంతం వాళ్ళు కాకపోతే రెండో పేరు దగ్గరే మనసు వేరే వైపు పోతుంది. తీసేశాం.

పిన్ కామెంట్‌కు ముడిసరుకు సరిగ్గా అక్కడ దొరుకుతుంది. ఎడిటింగ్‌లో మనం తీసేసేవన్నీ ఒక రకం కాదు. కొన్ని చెప్పిందే మళ్ళీ చెప్పినవి. కొన్ని సరిగ్గా కుదరనివి. వాటిని వదిలేయండి. ఇంకో రకం ఉంటుంది: విషయం గట్టిదే, కానీ చూసేవాడు తన సొంత ఊరినో, తన సొంత ఇంటినో తలచుకుంటే తప్ప అది పట్టుబడదు. మనం తెర మీద ఒక్క ఊరే చూపించగలం. కింద రాస్తే మాత్రం ప్రతివాడూ తన ఊరు పెట్టుకుని చదువుకుంటాడు. అలాంటి ముక్క తీసేస్తున్నప్పుడే నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. వీడియో అప్‌లోడ్ అయ్యాక ఖాళీ బాక్స్ ముందు కూర్చుని ఏం రాద్దాం అని ఆలోచిస్తే, ఎవరికైనా చేతికొచ్చేది "వీడియో నచ్చితే లైక్ చేసి సబ్‌స్క్రైబ్ చేసుకోండి" అన్న మాటే.

ఆ మాట మీద నాకున్న అభ్యంతరం మర్యాదకు సంబంధించింది కాదు. ఒక వీడియోకు ఒక్క కామెంటే పిన్ అవుతుంది. రెండోది పిన్ చేస్తే మొదటిది కిందికి దిగిపోతుంది. లైక్ చెయ్యమని వీడియోలోనే ఒకసారి అడిగాం, లింకులకు డిస్క్రిప్షన్ ఉంది. అక్కడ చెప్పడానికి వీల్లేనిది చెప్పుకునే చోటు ఇదొక్కటే. దాన్ని దండోరాకు వాడేస్తే మాట్లాడడానికి చోటే మిగలదు.

ఇక రాయడం. ఫోన్‌లో చూసేవాళ్ళకు కామెంట్ మొత్తం కనిపించదు. మొదటి కొద్ది లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితే విచ్చుకుంటుంది. మనవాళ్ళలో ఎక్కువమంది చూసేది ఫోన్‌లోనే. కాబట్టి మొదటి లైన్‌లో నమస్కారాలు, ధన్యవాదాలు పెడితే వాళ్ళకు కనిపించేది అంతే. మొదటి లైన్ చదివితే, వీడియోలో లేనిదేదో ఇక్కడ ఉందని తెలియాలి.

చివర్లో అడిగే ప్రశ్న మీద నేను అన్నిటికన్నా ఎక్కువ సేపు కూర్చుంటాను. ఈ వీడియోకు ప్రశ్న ఎలా మారిందో చెబుతాను.

మొదట తట్టింది ఇది: "చెరువుల గురించి మీకు తెలిసిన విషయాలు కామెంట్‌లో చెప్పండి." ఇది ప్రశ్నలా కనిపిస్తుంది గానీ పని అంతా చూసేవాడి నెత్తిన పెడుతోంది. ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంత రాయాలో అన్నీ అతనే తేల్చుకోవాలి. బస్సులో నిలబడి ఫోన్ చూసుకుంటున్న మనిషి అంత శ్రమ పడడు. "సూపర్ అన్నా", "చాలా బాగా చెప్పారు" అని రాసి వెళ్ళిపోతాడు. ఆ మాట ప్రేమతోనే రాశాడు, కానీ దానికి మూడో మనిషి జవాబిచ్చేదేమీ ఉండదు.

తర్వాత దాన్ని బిగించాను: "మీ ఊరి చెరువు పేరేమిటి?" ఇది తేలిక. ఎవరైనా ఒక్క మాటలో రాసేయొచ్చు. జవాబులు వస్తాయి కూడా. కానీ ఎలా వస్తాయో ఊహించుకోండి. ఒకరు పెద్దచెరువు అంటారు, ఇంకొకరు ఊరచెరువు అంటారు, మరొకరు కొత్తచెరువు అంటారు. వరసగా పేర్లు పడుతూ పోతాయి. ఏ జవాబుకూ పక్క జవాబుతో సంబంధం ఉండదు. అందరూ మనకు చెబుతున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. అది హాజరుపట్టీ అవుతుంది, చర్చ అవదు.

మూడోసారి తీసేసిన ముక్క వైపు తిరిగి చూశాను. అందులో ఉన్న విషయం ఏమిటి? నీళ్ళు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోవడం. దాన్నే ప్రశ్న చేస్తే? "మీ ఊరి చెరువు మత్తడి దూకితే ఆ నీళ్ళు ఏ ఊరి ఏ చెరువులోకి పోతాయి?" ఇప్పుడు జవాబులో రెండు పేర్లు వస్తాయి. ఒకరు రాసిన రెండో పేరు ఇంకొకరి సొంత చెరువు అయ్యే అవకాశం ఉంది. "అరే, మా చెరువుకు నీళ్ళొచ్చేది మీ ఊరి నుంచా!" అని ఇద్దరు అపరిచితులు కలిసేది అక్కడ. నిజమైన చర్చ అని నేను అనేది దీన్నే. జవాబిచ్చినవాళ్ళకు ఛానల్ వాళ్ళతో కన్నా పక్కవాళ్ళతో పని పడాలి.

పిన్ చేసిన కామెంట్ ఇది. మొత్తం చదువుతాను.

> మత్తడి దూకిన నీళ్ళు ఎక్కడికి పోతాయో వీడియోలో చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.
>
> 9:15 దగ్గర చూసిన ఆ నీళ్ళు ఊరికే పోవు. వాగులో పడి కింది ఊరి చెరువులోకి చేరతాయి. అది నిండితే దాని మత్తడి దూకి ఇంకా కిందికి. గొలుసుకట్టు అంటే ఇదే. పై చెరువు నిండితే గానీ కింది చెరువుకు దాని నీళ్ళు రావు. మధ్యలో వాగు పూడిపోయినా, దాని మీద ఇళ్ళు లేచినా పైన మునక, కింద ఎండ.
>
> మీ ఊరి చెరువు మత్తడి (మీ వైపు అలుగు, కలుజు, మరువ అంటారేమో) దూకితే ఆ నీళ్ళు ఏ ఊరి ఏ చెరువులోకి పోతాయి? మీ చెరువు పేరు, ఊరు, మండలం, కింది చెరువు పేరు రాయండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళకు ఒక్క ఫోన్ చేసి అడగండి.

ఇందులో ఒక్కో మాట ఎందుకు ఉందో చెబుతాను.

9:15 అని రాయగానే అది నొక్కదగిన లింకుగా మారుతుంది. నొక్కితే వీడియో అక్కడికి వెళ్తుంది. కామెంట్ చదువుతున్నవాడు ఆ దృశ్యాన్ని మళ్ళీ చూసి, నీళ్ళు ఎటు పడుతున్నాయో గమనించి, తిరిగి వచ్చి జవాబు రాస్తాడు. వీడియోకూ కామెంట్‌కూ ముడి అదే. అయితే ఒక జాగ్రత్త. ఫైనల్ ఎక్స్‌పోర్ట్ అయ్యాకే ఈ టైమ్ చూసుకోవాలి. అప్‌లోడ్ తర్వాత యూట్యూబ్ స్టూడియోలో ముందు భాగం ఏమైనా ట్రిమ్ చేస్తే దృశ్యం జరిగిపోతుంది, కామెంట్‌లో అంకె మాత్రం అలాగే ఉంటుంది. నొక్కినవాడికి వేరే ఏదో కనిపిస్తుంది. అలాంటప్పుడు చేత్తో దిద్దుకోవాల్సిందే.

అలుగు, కలుజు, మరువ అని ఎందుకు పెట్టానంటే, ఈ వీడియో చూసేవాళ్ళందరూ తెలంగాణ వాళ్ళు కారు. అనంతపురం జిల్లా మనిషి "మత్తడి" అన్న మాట చూసి ఇది నన్ను అడిగింది కాదనుకుంటాడు. తన మాట ఒక్కటి కనబడితే చాలు, ఆగుతాడు.

మండలం పేరు అడగడం చాదస్తంలా అనిపించవచ్చు. కానీ పెద్దచెరువు, ఊరచెరువు అన్న పేర్లు లేని జిల్లా లేదు. మండలం లేకపోతే ఏ పెద్దచెరువు ఏ పెద్దచెరువో తేలదు, రెండు జవాబులు కలిపి చూడలేం. ప్రశ్న అడిగేటప్పుడే, వచ్చిన జవాబులతో తర్వాత ఏం చేస్తామో అనుకుని ఉండాలి. అలా అనుకుంటేనే మండలం అడగాలని తడుతుంది.

"ఇంట్లో పెద్దవాళ్ళకు ఫోన్ చేసి అడగండి" అన్న మాట నాకు చాలా ఇష్టం. హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో ఉన్న కుర్రాళ్ళకు తమ ఊరి మత్తడి నీళ్ళు ఎటు పోతాయో తెలియకపోవచ్చు. తెలియదు కదా అని వదిలేయకుండా, తెలుసుకునే దారి చూపిస్తున్నాం. వాళ్ళు అడిగి వచ్చి రాసే జవాబులు చాలా బాగుంటాయి. నాన్న చెప్పాడు, తాతకు గుర్తుంది అంటూ వస్తారు. చెరువు నీళ్ళు చూసుకునే నీరటి ఎవరు, తూము ఎవరు తీసేవాళ్ళు, ఏ ఏడాది కట్ట తెగింది, మనం అడగనివి కూడా వాటి వెంట వస్తాయి.

ఇందులో లేనిది కూడా చెప్పాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ గురించి ఒక్క మాట లేదు. చెరువుల పూడిక తీసిన పథకం కాబట్టి విషయానికి దగ్గరే. వీడియోలో దాని ప్రస్తావన ఉంది. పిన్ కామెంట్‌లో మాత్రం కావాలనే పెట్టలేదు. పెడితే చర్చ ఏ ప్రభుత్వం మంచిది అన్న దాని మీదికి పోతుంది, నీళ్ళ సంగతి పక్కకుపోతుంది. "కాకతీయులు గొప్పా, ఇప్పటి ఇంజనీర్లు గొప్పా?" అని అడిగినా అంతే. కామెంట్లు వందల్లో పడతాయి, అందులో ఎవరూ కొత్త సంగతి చెప్పరు. ఎవరి పక్షం వాళ్ళు ముందే తేల్చుకుని వస్తారు. మీ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మనిషి తాను చూసింది గుర్తు చేసుకోవాలి. ఏ పక్షమో చెబితే సరిపోయే ప్రశ్న అడగకండి.

ఇప్పుడు పోస్ట్ చేసే వేళ గురించి. షెడ్యూల్ పెట్టిన వీడియో టైమ్ అయ్యేదాకా ప్రైవేట్‌గా ఉంటుంది. ప్రైవేట్ వీడియోకు కామెంట్లు ఉండవు. అంటే ముందే రాసి పెట్టి ఉంచడం కుదరదు. కామెంట్‌ను నోట్స్‌లో సిద్ధంగా ఉంచుకుని, వీడియో పబ్లిక్ అవగానే పోస్ట్ చేసి, పక్కన మూడు చుక్కలు నొక్కి పిన్ చెయ్యాలి. సాయంత్రం ఆరుకు షెడ్యూల్ పెట్టి పెళ్ళికి వెళ్ళిపోతే, ముందొచ్చినవాళ్ళకు అక్కడ ఏమీ ఉండదు. వెంటనే చూసేవాళ్ళు మన పాత ప్రేక్షకులు. జవాబు ఇవ్వడానికి అందరికన్నా సిద్ధంగా ఉండేది వాళ్ళే. కాబట్టి ఆ ఒక్క సాయంత్రం ఫోన్ దగ్గర ఉండగలిగే రోజే విడుదల పెట్టుకోండి.

పిన్ చేశాక మొదటి రిప్లై నేనే రాస్తాను. మా అమ్మమ్మ వాళ్ళ ఊరి చెరువు పేరు, మండలం, కింది చెరువు పేరు, నేను ఎలా అడిగానో అలాగే. ఎంత రాయాలో, ఏ వరసలో రాయాలో చూసినవాళ్ళకు దాంతో అర్థమవుతుంది. నా రిప్లై రెండు లైన్లుంటే వాళ్ళవీ రెండు మూడు లైన్లు ఉంటాయి. నేనే పెద్ద వ్యాసం రాస్తే భయపడి వెళ్ళిపోతారు.

ఆ తర్వాత జవాబులు రావడం మొదలవుతుంది. ఇక్కడ చాలామంది ఛానల్ వాళ్ళు ప్రతి దానికీ గుండె గుర్తు కొట్టి, "థాంక్యూ అండి" అని రాసుకుంటూ పోతారు. ధన్యవాదం చెప్పగానే ఆ మాట అక్కడితో ముగిసిపోతుంది. దానికి బదులు, వాళ్ళు చెప్పిన దాంట్లో ఒక చిన్న ఖాళీ చూసి అడగండి. నాకు వచ్చిన ఒక జవాబు చెబుతాను. "మా ఊరి చెర్వు మత్తడి దుంకితే నీళ్ళు వాగులకు పోతయి అన్నా, వేరే చెర్వు లేదు." చాలామంది దీనికి సరే అని వదిలేస్తారు. నేను అడిగింది: "ఆ వాగు మీ ఊరు దాటాక ఏ ఊరి వైపు పోతుంది? అక్కడ కట్ట ఏమైనా ఉండేదా?" దానికి ఆయన మర్నాడు వచ్చి, కింద ఒక కుంట ఉండేదని, కట్ట తెగాక ఎవరూ వెయ్యలేదని, ఇప్పుడు అక్కడ పత్తి వేస్తున్నారని రాశాడు. గొలుసులో తెగిపోయిన లంకె ఎక్కడుందో తెలిసింది. ఆయనకు ఆ సంగతి ముందు నుంచీ తెలుసు. అది చెప్పదగిన సంగతని అనుకోలేదు, అంతే.

ఇంకో పని, రెండు జవాబులు కలిసేచోట మనం మధ్యవర్తిగా నిలబడడం. ఒకరు తమ నీళ్ళు ఫలానా ఊరి చెరువులోకి పోతాయంటారు. గంట తర్వాత ఆ ఊరి మనిషి ఇంకోచోట రాస్తాడు. వాళ్ళిద్దరూ ఒకరి కామెంట్ ఒకరు చూడకపోవచ్చు. "మీ పై ఊరి వాళ్ళు ఇదే థ్రెడ్‌లో పైన రాశారు, చూడండి" అని ఒక్క రిప్లై పెడితే చాలు. ఆ తర్వాత వాళ్ళే మాట్లాడుకుంటారు. ఒకరు ఏటా దసరా నాటికి నిండుతుందంటే, ఇంకొకరు మాకు దీపావళి దాటుతుందంటారు. మధ్యలో ఎందుకంత ఆలస్యం అని మూడో మనిషి అడుగుతాడు. అలా మొదలయ్యాక మనం తగ్గి ఉండాలి. ప్రతి రిప్లై కింద ఛానల్ పేరు కనబడుతుంటే మిగతావాళ్ళు మళ్ళీ ప్రేక్షకులైపోతారు.

ఇబ్బందుల సంగతికి వస్తాను. మొదటిది, ఈ ప్రశ్నకు జవాబుగా జనం మ్యాప్ లింకులు పెడతారు. ఊరు అడిగాం కదా, లొకేషన్ పంపడం సహజం. కానీ మనలో చాలామంది స్పామ్ భయంతో స్టూడియో సెట్టింగుల్లో లింకులున్న కామెంట్లను ఆపేలా పెట్టుకుని ఉంటాం. అలా పెట్టుకుంటే ఆ కామెంట్లు పైకి రాకుండా పరిశీలన కోసం ఆగిపోతాయి. రాసినవాడు నా కామెంట్ ఎందుకు రాలేదని నొచ్చుకుంటాడు, మళ్ళీ రాయడు. ఈ రకం ప్రశ్న అడిగిన రోజున స్టూడియోలో కామెంట్ల పేజీకి వెళ్ళి, ఆపి ఉంచిన వాటి వరస తెరిచి, రోజుకు రెండుసార్లైనా చూడండి. విషయం ఉన్న జవాబులు ఎక్కువగా అక్కడే ఇరుక్కుని ఉంటాయి.

రెండోది కష్టమైనది. చెరువు అనగానే కబ్జా అన్న మాట వస్తుంది. వచ్చి తీరుతుంది, రావాలి కూడా. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ వైపు ఇళ్ళు మునిగిన సంగతి చాలామందికి గుర్తే. నీళ్ళ దారికి అడ్డంగా కట్టుకుంటే ఏమవుతుందో నగరం వాళ్ళకు మనం నేర్పనక్కర్లేదు. చిక్కు ఎక్కడంటే, కొందరు ఊరు పేరుతో పాటు మనుషుల పేర్లు రాస్తారు. ఫలానా సర్పంచి, ఫలానా నాయకుడి తమ్ముడు చెరువు లోపలి శిఖం భూమి కలుపుకున్నాడని. అది నిజం కావచ్చు, పాత పగ కావచ్చు. మనకు తేల్చే దారి లేదు, మన పేజీ మీద ఒక మనిషి మీద నేరం మోపిన మాట నిలబడి ఉంటుంది. నేను ముందు రాసినవారికి ఇలా రిప్లై పెట్టి, అది వాళ్ళకు అందాక ఆ కామెంట్‌ను తీసేస్తాను: "పేర్లు తీసేసి, ఎక్కడ అడ్డం పడిందో, నీళ్ళు ఇప్పుడు ఎటు తిరుగుతున్నాయో మాత్రం రాయండి. అది అందరికీ పనికొస్తుంది." ఎక్కువమంది మళ్ళీ రాస్తారు. కోపం తగ్గి, జరిగింది జరిగినట్టు చెబుతారు. కొందరు రాయరు. వాళ్ళను నేను బతిమాలను.

మూడు నాలుగు రోజులు గడిచాక జవాబులన్నీ ఒక దగ్గర కూర్చుని చదువుతాను. అప్పుడు పిన్ కామెంట్‌ను ఎడిట్ చేసి అడుగున కలుపుతాను. ప్రశ్నను మాత్రం ముట్టుకోను. ఎందుకంటే కింద ఉన్న జవాబులన్నీ ఆ ప్రశ్నకే. దాన్ని మారిస్తే అవన్నీ అర్థం లేకుండా పోతాయి. కలిపే మాట ఇలా ఉంటుంది: "ఇప్పటిదాకా మీరు చెప్పినవి కలిపితే ఒకచోట అయిదు చెరువుల వరస తేలింది. మూడో చెరువుకూ నాలుగో చెరువుకూ మధ్య వాగు ఎటు పోతుందో ఎవరూ రాయలేదు. ఆ మధ్య ఊళ్ళవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" ఆ ఊళ్ళ పేర్లు కూడా రాస్తాను. కొత్తగా వచ్చినవాడికి ఇప్పుడు అంతా ఖాళీగా కనిపించదు. పూరించాల్సిన ఒక్క చోటు కనిపిస్తుంది.

కొన్నిసార్లు ప్రేక్షకుడు రాసింది మనం రాసిన దానికన్నా మెరుగ్గా ఉంటుంది. నీటిపారుదల శాఖలో చేసి రిటైరైన మనిషి ఒకరు వచ్చి ఒక వాగు మొత్తం కథ రాసేశారనుకోండి. అప్పుడు మొహమాటం లేకుండా ఆయన కామెంట్‌నే పిన్ చేయవచ్చు. మన కామెంట్ పిన్ నుంచి దిగినా దాని కింది సంభాషణ చెరిగిపోదు, కాకపోతే వెతుక్కోవాలి. అందుకని చర్చ వేడిగా సాగుతున్న రోజుల్లో మార్చకండి, కాస్త సద్దుమణిగాక మార్చండి. ఇంకో చిన్న సంగతి: మనం గుండె గుర్తు పెట్టిన కామెంట్‌ను రాసినవారు తర్వాత ఎడిట్ చేస్తే ఆ గుర్తు పోతుంది. మీరే తీసేశారని వాళ్ళు అనుకోవచ్చు. అడిగితే చెప్పండి, మళ్ళీ పెట్టండి.

ఇక మీ ప్రశ్నలు.

(ప్రశ్న: మాది వంటల ఛానల్ సార్. చెరువులకు కుదిరినట్టు మాకు కుదురుతుందా? మేం అడిగితే "నోరూరుతోంది అక్కా" అనే రాస్తారు.)

కుదురుతుందమ్మా. మీరు ఆవకాయ చేశారనుకుందాం. వీడియోలో కొలతలు గ్లాసులతో చెప్పి ఉంటారు. కల్లుప్పు గ్లాసు, మెత్తటి ఉప్పు గ్లాసు తూకంలో ఒకటి కావు. కల్లుప్పు పలుకుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి గ్లాసులో తక్కువ పడుతుంది. కల్లుప్పు కొలతతో మెత్తటి ఉప్పు వేస్తే ఉప్పు కషాయం, మెత్తటి ఉప్పు కొలతతో కల్లుప్పు వేస్తే ఉప్పు చాలక బూజు. వీడియోలో ఇది చెప్పడానికి ఆగితే చేతి పని ఆగిపోతుంది, అందుకే కోసేస్తారు. ఇదే పిన్ చేయండి. చివర అడగాల్సింది: "మీ ఇంట్లో ఏ ఉప్పు, ఎన్ని ముక్కలకు ఎంత? మూడో రోజు తిరగకలిపినప్పుడు ఊట ముక్క మీదికి వచ్చిందా, రాలేదా?" ఊట రానివాళ్ళూ, వచ్చినవాళ్ళూ ఒకరి కొలత ఒకరు చూసుకుంటారు. ఏ కాయ వాడారో కూడా చెబుతారు, చిన్నరసమా, కొత్తపల్లి కొబ్బరా అని. అక్కడ వాళ్ళకు పక్కవాళ్ళ జవాబుతో పని పడింది చూడండి. నోరూరుతోందనేవాళ్ళు అప్పుడూ అంటారు, అననివ్వండి.

(ప్రశ్న: వీడియోలో ఏదైనా తప్పు దొర్లితే దాన్ని పిన్ కామెంట్‌లో పెట్టాలా?)

తప్పు పెద్దదైతే, అంటే జనం దాన్ని నమ్మి చేస్తే నష్టం జరిగేదైతే, తప్పకుండా అదే పిన్‌లో ఉండాలి. చర్చ తర్వాత చూసుకోవచ్చు. ఒక సంవత్సరమో, ఒక పేరో తేడా పడితే మాత్రం దానికి వేరే చోటు ఉంది. డిస్క్రిప్షన్‌లో ఈ విధంగా రాస్తే వీడియోలో సరిగ్గా ఆ సమయానికి సవరణ ఉందని చూపించే కార్డు వస్తుంది.

```
Correction:
4:35 రామప్ప గుడి శాసనం 1213 నాటిది
```

మొదటి మాట ఇంగ్లీషులోనే ఉండాలి, కింద తెలుగులో రాసుకోవచ్చు. ఆ పని అక్కడ జరిగిపోతుంది కాబట్టి పిన్ చర్చకే మిగులుతుంది.

(ప్రశ్న: మా వ్యూయర్స్ ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు. పిన్ కామెంట్ ఏ లిపిలో రాయాలి?)

పిన్ కామెంట్ తెలుగు లిపిలో రాయండి. కాస్త పొడవుగా ఉండే కామెంట్ ఇంగ్లీషు అక్షరాల్లో చదవడం అలవాటున్నవాళ్ళకు కూడా కష్టమే. అదీకాక ఊళ్ళ పేర్లు, చెరువుల పేర్లు ఆ లిపిలో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, తర్వాత వెతికితే దొరకవు. జవాబు మాత్రం వాళ్ళు ఏ లిపిలో రాసినా తీసుకోండి, లిపి గురించి ఎవరికీ సుద్దులు చెప్పకండి. రిప్లై ఇచ్చేటప్పుడు వాళ్ళు రాసిన చెరువు పేరును తెలుగు లిపిలో ఒకసారి మళ్ళీ రాయండి: "అంటే కుడిచెరువు అంటున్నారా, గుడిచెరువు అంటున్నారా?" అని. పేరు సరిగ్గా నమోదవుతుంది, వాళ్ళకు మీరు చదివారని తెలుస్తుంది. టైపింగ్ రాని పెద్దవాళ్ళుంటే, ఫోన్ కీబోర్డులో మైక్ నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసుకుంటుందని పిన్ చివర ఒక లైన్ పెట్టండి. చెరువుల సంగతి బాగా తెలిసినవాళ్ళు ఎక్కువగా ఆ వయసువాళ్ళే.